మేనమామ ఇచ్చిన 18 లక్షలకు ఐటీ నోటీసు వస్తే: గిఫ్ట్ పత్రం, బ్యాంకు ఆధారాలతో జవాబు ఇచ్చే పద్ధతి

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. ఫ్లాటో స్థలమో కొనేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు సాయం చేస్తారు. ఏడాదో రెండేళ్లో గడిచాక "ఈ డబ్బు ఎక్కడిది?" అంటూ ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల నుంచి నోటీసు వస్తుంది. మామయ్య ఇచ్చాడని ఒక్క లైను రాసి పంపితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ లైను నిజమే అయినా దానితో కేసు నిలబడదు.

ఈ మార్గదర్శిని ఒకే ఒక ఉదాహరణ చుట్టూ రాస్తున్నాను. డబ్బు తీసుకున్నది నెల్లూరులో ప్రైవేటు ఉద్యోగం చేసే మేనల్లుడు. ఇచ్చింది కొండపి వైపు పొగాకు పండించే మేనమామ. ఆయనకు పాన్ ఉంది కానీ ఎప్పుడూ రిటర్న్ వేయలేదు. మన జిల్లాల్లో ఎక్కువగా కనిపించే కేసు ఇదే, ఎక్కువగా చిక్కుపడేదీ ఇదే.

ఉదాహరణ లెక్క

మేనల్లుడి జీతం ఏడాదికి 8 లక్షలు. 2023 నవంబరులో 58 లక్షలకు ఫ్లాట్ రిజిస్టర్ చేయించుకున్నాడు. అందులో బ్యాంకు లోను 30 లక్షలు, సొంత పొదుపు 10 లక్షలు, మేనమామ 2023 నవంబరు 6న ఆర్‌టీజీఎస్ చేసింది 18 లక్షలు. రూ. 30 లక్షలు, అంతకు మించిన ఆస్తి లావాదేవీల వివరాలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఐటీ శాఖకు వెళ్తాయి. 8 లక్షల జీతం మీద 58 లక్షల ఫ్లాట్ కనిపిస్తే ప్రశ్న రావడంలో వింత లేదు.

## 1. ముందు నోటీసు మొత్తం చదవండి

టెన్షన్‌లో అందరూ నోటీసులో రాసిన అంకె చూసి ఆగిపోతారు. చూడాల్సినవి వేరే ఉన్నాయి.

- సెక్షన్: 142(1) అయితే వివరాలు అడుగుతున్నారు. 143(2) అయితే మీ రిటర్న్ స్క్రూటినీకి ఎంపికైంది. 148ఏ అయితే పాత ఏడాది ఫైలు మళ్లీ తెరవాలా వద్దా అని అడుగుతున్నారు. మూడింటికీ ఆధారాలు ఒకటే, గడువులు వేరు.
- అసెస్‌మెంట్ ఇయర్: 2023 నవంబరులో వచ్చిన డబ్బు 2023-24 ఆర్థిక సంవత్సరానిది. నోటీసులో అది 2024-25 అసెస్‌మెంట్ ఇయర్‌గా కనిపిస్తుంది. ఈ తేడా తెలియక వేరే ఏడాది స్టేట్‌మెంట్లు పంపేవాళ్లు ఉన్నారు.
- డిన్ నంబరు: నోటీసు మీద ఉండే గుర్తింపు నంబరు ఇది. incometax.gov.in హోమ్ పేజీలో `Authenticate notice/order issued by ITD` అనే లింకు ఉంటుంది. అక్కడ ఈ నంబరు కొట్టి, నోటీసు అసలుదో కాదో చూడండి. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన లింకు నొక్కి లాగిన్ కావద్దు.
- గడువు తేదీ: ఆ లోపు జవాబు ఇవ్వకపోతే రూ. 10,000 పెనాల్టీ పడొచ్చు. అంతకంటే నష్టం ఏమిటంటే, అధికారి తన దగ్గరున్న సమాచారంతోనే లెక్క తేల్చేస్తాడు.

2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినా, అంతకుముందు సంవత్సరాల కేసులు 1961 చట్టం సెక్షన్లతోనే నడుస్తాయి. అందుకే ఇక్కడ పాత నంబర్లే వాడుతున్నాను.

అధికారికి సంతృప్తికరమైన జవాబు అందకపోతే ఈ 18 లక్షలను లెక్క తేలని డబ్బుగా చూస్తాడు. 2024-25 అసెస్‌మెంట్ ఇయర్‌కు సెక్షన్ 115బీబీఈ కింద 60 శాతం పన్ను, దాని మీద 25 శాతం సర్‌ఛార్జి, ఆపైన 4 శాతం సెస్, అన్నీ కలిపి 78 శాతం. అంటే 14,04,000 రూపాయలు. వడ్డీ, పెనాల్టీ దీనికి అదనం.

## 2. మీ చుట్టరికం చట్టం లెక్కలోకి వస్తుందా?

మనకు అందరూ బంధువులే. సెక్షన్ 56(2)(ఎక్స్) కింద మాత్రం ఒక జాబితా ఉంది. అందులోనివాళ్లు ఎంత ఇచ్చినా పుచ్చుకున్నవాళ్లకు పన్ను లేదు. జాబితాలో లేనివాళ్లంతా కలిసి ఒక ఏడాదిలో ఇచ్చిన డబ్బు 50,000 దాటితే మొత్తం మీద పన్ను పడుతుంది.

జాబితాను తీసుకున్నవాడి వైపు నుంచి చూడాలి. మేనమామ మేనల్లుడికి ఇస్తే పన్ను లేదు, ఎందుకంటే తల్లి తోడబుట్టినవాడు జాబితాలో ఉన్నాడు. అదే డబ్బు మేనల్లుడు మేనమామకు ఇస్తే పన్ను ఉంది, ఎందుకంటే అక్కచెల్లెళ్ల పిల్లలు ఆయన జాబితాలో లేరు. చదివినవాళ్లు కూడా ఇక్కడ పొరబడతారు.

జాబితాలో ఉన్నవాళ్లు:

- భార్య లేదా భర్త, అమ్మానాన్న, తాతలు, నానమ్మ, అమ్మమ్మ, పిల్లలు, మనవలు
- అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల భార్యలు లేదా భర్తలు
- పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, వాళ్ల జీవిత భాగస్వాములు
- అత్తమామలు, బావమరిది, మరదలు, తోడల్లుడు (భార్య లేదా భర్త తోడబుట్టినవాళ్లు, వాళ్ల జంటలు)

లేనివాళ్లు: పెదనాన్న కొడుకు, మేనమామ కొడుకు, భార్య తరఫు మేనమామ, వియ్యంకుడు.

డబ్బు నిజంగా మేనమామ కొడుకు ఖాతా నుంచి వచ్చి ఉంటే, దాన్ని మేనమామ ఇచ్చినట్టు మార్చి రాయకండి. ఇచ్చినవాడు ఎవరో, డబ్బు ఎక్కడిదో రుజువైతే మామూలు శ్లాబు రేటు పన్నుతో బయటపడతారు. కథ మార్చి దొరికిపోతే మాత్రం 78 శాతం దాకా పోతుంది.

## 3. చుట్టరికానికి కాగితం

మన కుటుంబాల్లో దీనికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మేనమామ ఇంటిపేరు వేరు, మేనల్లుడి ఇంటిపేరు వేరు. అమ్మ ఆధార్‌లో భర్త పేరే ఉంటుంది. ఫేస్‌లెస్ విధానంలో ఫైలు చూసే అధికారి ఏ రాష్ట్రంలోనైనా ఉండొచ్చు. రెండు ఆధార్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఆయనకు వీళ్లిద్దరూ ముక్కూమొహం తెలియనివాళ్లలాగే కనిపిస్తారు.

కాబట్టి గొలుసును రెండు ముడులతో కట్టండి. మొదటి ముడి మేనల్లుడికీ అమ్మకూ మధ్య: అతని పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లోనో మరో సర్టిఫికెట్‌లోనో ఉన్న తల్లి పేరు. రెండో ముడి అమ్మకూ మేనమామకూ మధ్య: ఇద్దరికీ తండ్రి ఒకరేనని చూపించే కాగితం. అమ్మ పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, తండ్రి పేరు ఉంటాయి. మేనమామ ఆధార్‌లోనో పట్టాదారు పాసు పుస్తకంలోనో అదే తండ్రి పేరు ఉంటుంది. అమ్మ చదువుకోకపోతే, తాతగారు చనిపోయినప్పుడు తీసుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చాలా బాగా పనికొస్తుంది. పిల్లలందరి పేర్లూ అందులో ఒకేచోట ఉంటాయి.

పేర్లలో స్పెల్లింగు తేడాలు ఉంటే దాచకండి. "ఈ రెండు పేర్లూ ఒక్కరివే" అని డిక్లరేషన్‌లో ఒక వాక్యం రాయించండి.

## 4. గిఫ్ట్ పత్రం: పాత తేదీ వేయొద్దు

డబ్బు ఇచ్చిన రోజున గిఫ్ట్ డీడ్ రాసుకుని ఉంటే దాన్నే పెట్టండి. చాలా ఇళ్లలో రాసుకోరు. నోటీసు వచ్చాక "పాత స్టాంపు కాగితం ఉందేమో చూడండి, 2023 తేదీ వేద్దాం" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకండి. స్టాంపు అమ్మిన తేదీ, కొన్నవాళ్ల పేరు, నోటరీ రిజిస్టరు నంబరు, వీటిలో ఏది కలవకపోయినా నిజమైన గిఫ్టు కూడా దొంగ గిఫ్టులా కనిపిస్తుంది.

అసలు ఆ అవసరమే లేదు. డబ్బు చరాస్తి. ఇచ్చి, పుచ్చుకోవడంతోనే గిఫ్టు పూర్తవుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాగితం దానికి సాక్ష్యం మాత్రమే. కాబట్టి ఈరోజు తేదీతోనే, జరిగినదాన్ని ధ్రువీకరిస్తూ గిఫ్ట్ కన్ఫర్మేషన్ డిక్లరేషన్ రాయించండి. 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయిస్తే చాలు.

అందులోని ముఖ్యమైన భాగం ఇలా ఉండొచ్చు:

> "నేను నా సొంత అక్క కుమారుడైన ............ కు, అతను ఇల్లు కొనుక్కునేందుకు, ప్రేమాభిమానాలతో రూ. 18,00,000 (పద్దెనిమిది లక్షలు) తేదీ 06-11-2023న నా ............ బ్యాంకు ఖాతా నుంచి అతని ............ బ్యాంకు ఖాతాకు ఆర్‌టీజీఎస్ ద్వారా, యూటీఆర్ నంబరు ............ తో పంపాను. ఈ మొత్తం తిరిగి ఇవ్వనవసరం లేదు. దీనికి ప్రతిఫలంగా నేను ఏమీ తీసుకోలేదు. ఈ డబ్బు నా పొగాకు పంట అమ్మకాల నుంచి, నా ఫిక్స్‌డ్ డిపాజిట్ నుంచి, నా చేతిలో ఉన్న నగదు నుంచి వచ్చింది. ఆ సమయంలో ఎలాంటి పత్రం రాసుకోలేదు. ఈ ధ్రువీకరణను ఈరోజు రాసి ఇస్తున్నాను."

కింద మేనల్లుడు "పై మొత్తాన్ని గిఫ్టుగా స్వీకరించాను" అని సంతకం పెట్టాలి. ఇద్దరు సాక్షుల సంతకాలు, మేనమామ, మేనల్లుడి పాన్ నంబర్లు ఉండాలి.

బ్యాంకు ఒక్కో ట్రాన్స్‌ఫర్‌కు ఇచ్చే యూటీఆర్ నంబరును వదిలేసేవాళ్లే ఎక్కువ. పత్రంలోని గిఫ్టూ స్టేట్‌మెంట్‌లోని ఎంట్రీ ఒకటేనని చెప్పేది ఆ నంబరే.

## 5. బ్యాంకు ఆధారం: మామయ్య ఖాతాలోకి డబ్బు ఎలా వచ్చింది?

కేసు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. మేనల్లుడి ఖాతాలో 18 లక్షలు జమ అయినట్టు చూపించడం తేలిక, అది అధికారికి ముందే తెలుసు. ఇచ్చినవాడెవరు, అతనికి అంత ఇచ్చే స్థోమత ఉందా, లావాదేవీ నిజమా అన్న మూడింటికీ జవాబు చెప్పాలి. రెండోదానికి మేనమామ స్టేట్‌మెంట్ కావాలి. 18 లక్షలు వెళ్లిన ఒక్క పేజీ కాదు, కనీసం 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా మొత్తం.

మన ఉదాహరణలో ఆ స్టేట్‌మెంట్ ఇలా ఉంది:

| తేదీ | వివరం | మొత్తం (రూ.) |
|---|---|---|
| 17-08-2023 | నగదు విత్‌డ్రా | 3,50,000 |
| 30-09-2023 | నిల్వ (ఎక్కువ భాగం పొగాకు వేలం డబ్బు) | 11,20,000 |
| 03-10-2023 | ఫిక్స్‌డ్ డిపాజిట్ జమ | 4,00,000 |
| 03-11-2023 | నగదు జమ | 3,00,000 |
| 06-11-2023 | మేనల్లుడికి ఆర్‌టీజీఎస్ | 18,00,000 |
| 06-11-2023 | మిగిలిన నిల్వ | 20,000 |

దీన్ని మూడు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు విడిగా ఆధారం పెట్టాలి.

పొగాకు డబ్బు. వేలంలో అమ్మిన సొమ్ము రైతు ఖాతాకే వస్తుంది కాబట్టి ఇది గట్టి ఆధారం. పొగాకు బోర్డు రైతు రిజిస్ట్రేషన్ కాపీ, ఆ సీజన్ అమ్మకాల పట్టీలు, 1బి, అడంగల్ జతచేయండి. పట్టీలో ఉన్న మొత్తం, ఖాతాలో పడిన మొత్తం ఒకటి కాకపోవచ్చు, పంట రుణం కింద బ్యాంకు పట్టుకుని మిగిలింది జమ చేసి ఉంటుంది. ఆ తేడాను మీరే ముందు చెప్పండి. అధికారి కనిపెట్టి అడిగేదాకా ఆగితే అదే మాట సాకులా వినిపిస్తుంది.

ఫిక్స్‌డ్ డిపాజిట్. బాండు లేదా బ్యాంకు ఇచ్చే డిపాజిట్ క్లోజర్ కాగితం చాలు. ఎప్పుడు వేశారో కనిపించాలి.

నగదు 3 లక్షలు. గిఫ్టుకు మూడు రోజుల ముందు నగదు జమ, వెంటనే బయటికి ట్రాన్స్‌ఫర్. అధికారి ఎర్ర పెన్సిల్‌తో గీత గీసేది దీనికిందే. మేనల్లుడే తన లెక్కలేని నగదు మామయ్య ఖాతాలో వేయించి గిఫ్టుగా వెనక్కి తెచ్చుకున్నాడన్న అనుమానం వస్తుంది.

ఇక్కడ అసలు సంగతి ఏమిటంటే, మేనమామ ఆగస్టు 17న కౌలు అడ్వాన్సు కోసం అదే ఖాతా నుంచి 3,50,000 తీశాడు. ఆ కౌలు కుదరలేదు. 50,000 ఇంటి ఖర్చులకు వాడి మిగతా 3 లక్షలు తిరిగి వేశాడు. విత్‌డ్రా ముందు, జమ తర్వాత, మొత్తం దానికంటే తక్కువ, మధ్యలో రెండున్నర నెలలు. ఈ నాలుగూ కుదిరాయి కాబట్టి వివరణ నిలబడుతుంది. దాన్ని మేనమామ డిక్లరేషన్‌లోనే తేదీలతో సహా రాయించాలి. విత్‌డ్రాకూ జమకూ మధ్య రెండేళ్లు ఉంటే అదే మాట నమ్మించడం కష్టం.

అలాంటి విత్‌డ్రా లేకపోతే నగదు ఎక్కడి నుంచి వచ్చిందో దాని కాగితమే వెతకాలి: గేదెలు అమ్మిన రశీదు, నిమ్మకాయల మార్కెట్ పట్టీ, ఏది ఉంటే అది. "వ్యవసాయం ద్వారా" అన్న రెండు మాటలు సరిపోవు. ఇంకో సంగతి, రొయ్యల చెరువుల డబ్బును వ్యవసాయ ఆదాయమని రాయకండి. ఐటీ లెక్కలో అది వ్యాపార ఆదాయం. రిటర్న్ వేయని రైతు చెరువు డబ్బు ఇచ్చి ఉంటే ప్రశ్న ఆయన వైపు తిరుగుతుంది. జవాబు పంపే ముందే ఆయనతో కలిసి ఆడిటర్ దగ్గర కూర్చోండి.

మామయ్య రిటర్న్ వేయలేదు కదా? ఆయనకు వ్యవసాయ ఆదాయం, కొద్దిగా బ్యాంకు వడ్డీ తప్ప మరేమీ లేదు. పన్ను వేయాల్సిన ఆదాయం పరిమితి లోపే ఉంది కాబట్టి రిటర్న్ అక్కర్లేకపోయింది. ఆ మాటే జవాబులో సూటిగా రాయండి. ఎన్ని ఎకరాలు సాగు చేస్తాడో, గిఫ్టు ఇచ్చాక కూడా ఆయన చేతిలో ఏ ఆస్తి ఉందో ఒక వాక్యం చేర్చండి. ఖాతాలో 20,000 మిగిల్చుకుని అంతా ఇచ్చేశాడంటే "మరి ఆయన ఎలా బతుకుతాడు?" అని ఎవరికైనా అనిపిస్తుంది.

## 6. జవాబు లేఖ ఎలా రాయాలి

రెండు పేజీలు చాలు. నోటీసులో ప్రశ్నలకు ఏ నంబర్లు ఉన్నాయో అదే వరసలో జవాబులు రాయండి. క్రమం ఇలా పెట్టుకోండి:

1. పేరు, పాన్, అసెస్‌మెంట్ ఇయర్, నోటీసు డిన్ నంబరు, తేదీ.
2. ఫ్లాట్ ధర 58 లక్షలు ఎక్కడెక్కడి నుంచి కూడిందో నాలుగు లైన్ల లెక్క.
3. 18 లక్షలు ఎవరి నుంచి, ఏ తేదీన, ఏ యూటీఆర్‌తో వచ్చాయి. చుట్టరికం ఏమిటి, ఏ అనుబంధంలో రుజువు ఉంది.
4. ఇచ్చినవారి డబ్బు మూడు ముక్కలు, ఒక్కోదానికి అనుబంధం నంబరు.
5. మేనమామ బంధువు నిర్వచనంలోకి వస్తారు కాబట్టి 56(2)(ఎక్స్) కింద పన్ను లేదని, మూలం రుజువైంది కాబట్టి ఈ మొత్తాన్ని ఆదాయానికి కలపవద్దని విన్నపం.

లేఖ ఇంగ్లీషులో ఉండటం మంచిది. 1బి, అడంగల్, పట్టీలు, డిక్లరేషన్ తెలుగులో ఉంటే ఒక్కోదానికి ఇంగ్లీషు అనువాదం వెనకే పెట్టి, "నాకు తెలిసినంతవరకు సరైన అనువాదం" అని సంతకం చేయండి. తెలుగు రాని అధికారికి అడంగల్ కాగితం చూపించి అర్థం చేసుకోమంటే ఉపయోగం లేదు.

## 7. పోర్టల్‌లో అప్‌లోడ్

లాగిన్ అయ్యాక `Pending Actions` లో `e-Proceedings` కు వెళ్లి, ఆ నోటీసు తెరిచి `Submit Response` నొక్కండి. ఒక్కో ఫైలు 5 ఎంబీ దాటకూడదు. పాసు పుస్తకం ఫోన్‌తో తీసి పంపేకన్నా, బ్యాంకు ముద్ర ఉన్న స్టేట్‌మెంట్ స్కాన్ చేయడం మేలు.

ఫైళ్ల పేర్లు అనుబంధం నంబరుతో మొదలుపెట్టండి. పంపాక మార్చడం కుదరదు, కాబట్టి లేఖలోని నంబర్లు ఫైళ్లతో కలుస్తున్నాయో లేదో ముందే చూసుకోండి. ఏదైనా కాగితం ఇంకా రావాల్సి ఉంటే పాక్షిక జవాబు ఎంచుకోవచ్చు, లేదా గడువు తీరకముందే `Seek Adjournment` తో వాయిదా అడగొచ్చు. చివర వచ్చే అక్‌నాలెడ్జ్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

పంపే ముందు చెక్‌లిస్టు:

- [ ] జవాబు లేఖ, సంతకంతో
- [ ] గిఫ్ట్ డీడ్ లేదా నేటి తేదీతో ధ్రువీకరణ డిక్లరేషన్
- [ ] ఇద్దరి పాన్, ఆధార్
- [ ] చుట్టరికం గొలుసు: మీ నుంచి అమ్మ దాకా, అమ్మ నుంచి మామయ్య దాకా
- [ ] మీ స్టేట్‌మెంట్, డబ్బు వచ్చి అమ్మకందారుకు వెళ్లిన పేజీలతో
- [ ] ఆయన ఏడాది స్టేట్‌మెంట్
- [ ] పొగాకు పట్టీలు, బోర్డు రిజిస్ట్రేషన్, 1బి, అడంగల్
- [ ] డిపాజిట్ కాగితం, నగదుకు వివరణ
- [ ] తెలుగు కాగితాలకు అనువాదాలు
- [ ] ఫ్లాట్ సేల్ డీడ్, లోను మంజూరు పత్రం

## 8. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

గిఫ్టు అని రాసి, తర్వాత నెలనెలా తిరిగి పంపడం. స్టేట్‌మెంట్‌లో అది కనిపిస్తుంది. నిజానికి అది చేబదులే అయితే మొదటి నుంచీ చేబదులనే రాయండి. బ్యాంకు ద్వారా తీసుకున్న చేబదులు తప్పేమీ కాదు. రెండింటికీ కావాల్సిన ఆధారాలు దాదాపు ఒకటే.

నగదుగా తీసుకోవడం. ఒకరి నుంచి ఒకే రోజు 2 లక్షలు లేదా అంతకుమించి నగదు తీసుకుంటే, తీసుకున్నంత మొత్తం పెనాల్టీ పడే నిబంధన ఉంది. 269ఎస్‌టీ అంటారు. బంధువైనా మినహాయింపు లేదు. ఇది జరిగిపోయి ఉంటే సొంతంగా జవాబు రాయకండి, ఆడిటర్‌కు అప్పగించండి.

ఇద్దరు రెండు కథలు చెప్పడం. అధికారి మేనమామకు నేరుగా 133(6) కింద లేఖ పంపొచ్చు. "నేను ఇచ్చిన డబ్బుకి నాకెందుకురా నోటీసు?" అని ఆయన దాన్ని బీరువాలో పడేస్తే మీ కేసు సగం పోయినట్టే. ముందుగానే చెప్పి ఉంచండి: "మామా, నీకూ ఒక లేఖ రావచ్చు. అందగానే నాకు ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి జవాబు పంపుదాం." ఆయన పాన్‌కు పాత ఫోన్ నంబరు లింకై ఉంటే ఇప్పుడే మార్పించండి.

## 9. పంపాక ఏమవుతుంది

మరిన్ని వివరాలు అడుగుతూ ఇంకో 142(1) రావడం మామూలే, అదేమీ చెడు సంకేతం కాదు. జవాబు చాలలేదనుకుంటే, మొత్తాన్ని ఆదాయానికి కలిపే ముందు షోకాజ్ నోటీసు ఇస్తారు. అందులో ఏ ముక్కను నమ్మలేదో ఉంటుంది. మన ఉదాహరణలో అది చాలావరకు ఆ 3 లక్షల నగదే అవుతుంది. అప్పుడు ఫైలంతా మళ్లీ పంపకండి. ఆ ముక్క మీదే ఉన్న అదనపు ఆధారం పెట్టి, కావాలంటే వీడియో కాన్ఫరెన్స్‌లో వినిపించుకునే అవకాశం అడగండి.

అయినా మీకు వ్యతిరేకంగా ఆర్డరు వస్తే, అది అందిన 30 రోజుల్లోపు కమిషనర్ (అప్పీల్స్) దగ్గర అప్పీలు వేయాలి. అక్కడ కొత్త కాగితాలు పెట్టాలంటే ముందే ఎందుకు పెట్టలేదో కారణం చూపించాలి, అనుమతి దొరక్కపోవచ్చు కూడా. అందుకే చేతిలో ఉన్న ప్రతి ఆధారమూ నోటీసు దశలోనే ఫైలుకు ఎక్కించండి.